సెంట్రిఫ్యూజ్ ఆగేటప్పుడు వచ్చే చిక్కులు: డైనమిక్, రీజెనరేటివ్, ప్లగ్గింగ్ బ్రేకింగ్‌లలో ఏది ఎక్కడ

బల్క్ డ్రగ్ యూనిట్లలో వాడే బాస్కెట్ సెంట్రిఫ్యూజ్‌ను తిప్పడం కన్నా ఆపడమే కష్టం. స్విచ్ తీసేసి వదిలేస్తే బరువైన బాస్కెట్ చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, అది ఆగేదాకా మూత తీయడానికి వీల్లేదు. అందుకే బ్రేకింగ్ కావాలి. ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఒకే యంత్రానికి చెందినవి: 15 కిలోవాట్లు, 415 వోల్టులు, 1470 ఆర్‌పీఎం ఇండక్షన్ మోటారు, బాస్కెట్‌నూ అందులోని సరుకునూ మోటారు షాఫ్ట్‌కు లెక్కగట్టగా వచ్చిన జడత్వం 24 kg·m². పూర్తి వేగంలో దీనిలో నిలవ ఉండే శక్తి ½Jω² ప్రకారం సుమారు 285 కిలోజౌళ్లు. ఏ పద్ధతిలో ఆపినా ఈ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. మూడు పద్ధతులకూ తేడా అది ఎక్కడికి పోతుందన్న దగ్గరే ఉంది.

లక్షణం 1: స్టాప్ నొక్కగానే డ్రైవ్ ఓవర్‌వోల్టేజ్ అని చూపి ట్రిప్ అవుతుంది, బాస్కెట్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది

మోటారుకు ఇచ్చే ఫ్రీక్వెన్సీని మార్చి దాని వేగాన్ని అదుపు చేసేది డ్రైవ్. అది ఫ్రీక్వెన్సీని తగ్గించినప్పుడు రోటర్ వేగం సింక్రనస్ వేగాన్ని మించుతుంది కాబట్టి మోటారు జనరేటరుగా మారి, బాస్కెట్‌లోని శక్తిని డ్రైవ్‌లోని డీసీ బస్‌లోకి నెడుతుంది. మామూలు డ్రైవ్‌లో సరఫరా వైపు ఉండేది డయోడ్ బ్రిడ్జి. అది శక్తిని లోపలికి రానిస్తుందే తప్ప వెనక్కి పోనివ్వదు. ఇక మిగిలింది కెపాసిటర్లు. అవి 1000 మైక్రోఫారడ్‌లనుకుంటే, బస్ వోల్టేజ్ మామూలుగా ఉండే 587 నుంచి ట్రిప్ హద్దు అయిన 800 వోల్టుల దాకా పెరిగేలోపు అవి దాచుకోగలిగేది 150 జౌళ్ల లోపే. వచ్చేది 2,85,000 జౌళ్లు.

ముందుగా స్టాప్ సమయాన్ని చూడాలి. 20 సెకన్లలో ఆపమంటే షాఫ్ట్ దగ్గర సుమారు 185 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి, ఈ మోటారు రేటెడ్ టార్క్ 97 మాత్రమే. కాబట్టి ఎంత పెద్ద రెసిస్టర్ తగిలించినా ఆ కోరిక తీరదు. 60 సెకన్లకు పెంచితే టార్క్ 62కు దిగుతుంది, మొదటి క్షణంలో వచ్చే గరిష్ఠ శక్తి 9.5 కిలోవాట్లు, సగటు 4.75 కిలోవాట్లు అవుతాయి. ఇది డైనమిక్ బ్రేకింగ్‌కు చక్కగా సరిపోయే పని: బస్ వోల్టేజ్ సుమారు 760కి చేరగానే బ్రేక్ చాపర్ ట్రాన్సిస్టర్ రెసిస్టర్‌ను బస్‌కు కలుపుతుంది, శక్తి అక్కడ వేడిగా మారుతుంది. 760ని వర్గం చేసి 9500తో భాగిస్తే దాదాపు 60 ఓమ్‌లు వస్తాయి. ఇంతకన్నా ఎక్కువ ఓమ్‌లు పెడితే శక్తిని తగినంత వేగంగా పీల్చుకోలేదు. డ్రైవ్ మాన్యువల్ చెప్పిన కనీస విలువ కన్నా తక్కువ పెడితే చాపర్ ట్రాన్సిస్టర్ పోతుంది.

రెసిస్టర్ బిగించాక కూడా ట్రిప్ అవుతున్నా, 60 సెకన్లని పెట్టినది మూడు నిమిషాలు తీసుకుంటున్నా, పారామీటర్లలో ఓవర్‌వోల్టేజ్ కంట్రోల్ ఆన్‌లో ఉందేమో చూడండి. బస్ వోల్టేజ్ పెరుగుతుంటే వేగం తగ్గింపును వాయిదా వేయడం దాని పని. చాలా డ్రైవ్‌లలో చాపర్ వాడుతున్నప్పుడు దాన్ని ఆఫ్ చేయాలి, చాపర్‌ను విడిగా ఎనేబుల్ చేయాలి.

లక్షణం 2: రెసిస్టర్ ఎర్రగా కాలిపోతోంది

దీనికి రెండు కారణాలు ఉన్నాయి, రెండింటినీ వేరుచేయడం సులువు. బ్రేకింగ్ సమయంలో మాత్రమే కాలిపోతుంటే వాటేజీ తప్పు. అరగంటకు ఒకసారి ఆపే యంత్రానికి సగటు లెక్కగడితే 160 వాట్లే వస్తాయి, ఆ అంకె చూసి 200 వాట్ల రెసిస్టర్ కొన్నవారిని నేను చూశాను. దానికి విశ్రాంతి అరగంట ఉన్న మాట నిజమే కానీ, 285 కిలోజౌళ్లూ ఒక్క నిమిషంలో వచ్చి మీద పడతాయి. తయారీదారు ఇచ్చే ఓవర్‌లోడ్ వక్రరేఖలో 60 సెకన్ల దగ్గర 4.75 కిలోవాట్ల సగటును తట్టుకుంటుందో లేదో చూసి ఎంచుకోవాలి.

మోటారు ఆగి ఉన్నప్పుడూ, మామూలుగా నడుస్తున్నప్పుడూ రెసిస్టర్ వేడిగా ఉంటే మాత్రం చాపర్ ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందని అర్థం. సరఫరా నుంచే రెసిస్టర్‌లోకి 587 వోల్టులు నిరంతరం పోతున్నాయి, అంటే 60 ఓమ్‌లలో దాదాపు 5.7 కిలోవాట్లు. షార్ట్ అయిన ట్రాన్సిస్టర్‌ను డ్రైవ్ ఆపలేదు కాబట్టి, రెసిస్టర్ మీది థర్మల్ స్విచ్‌ను డ్రైవ్ స్టాప్ ఇన్‌పుట్‌కు కలిపితే చాలదు, అది డ్రైవ్ ముందున్న మెయిన్ కాంటాక్టర్‌ను పడగొట్టేలా ఉండాలి. సాల్వెంట్ ఆవిరి ఉండే చోట్లలో రెసిస్టర్‌ను యంత్రం పక్కన కాక, గాలి ఆడే సురక్షిత ప్రదేశంలోనే పెట్టాలి. పరీక్షించే ముందు సరఫరా తీసేసి, బస్ వోల్టేజ్ దిగిపోయిందని మీటరుతో కొలిచి చూసుకున్నాకే టెర్మినళ్లను ముట్టుకోవాలి.

లక్షణం 3: ప్లగ్గింగ్‌తో ఆపే పాత యంత్రంలో మోటారు విపరీతంగా వేడెక్కుతోంది, లేదా బాస్కెట్ ఆగి వెనక్కి తిరుగుతోంది

డ్రైవ్ లేని పాత యంత్రాలలో రెండు కాంటాక్టర్లతో రెండు ఫేజులను తారుమారు చేసి ఆపుతారు. బాస్కెట్ వెనక్కి తిరగడానికి కారణం తరచూ జీరో స్పీడ్ స్విచ్ అంటుకుపోవడమో, దాని కప్లింగ్ వదులవడమో అయి ఉంటుంది. వేగం సున్నాకు దగ్గరపడగానే రివర్స్ కాంటాక్టర్‌ను వదిలించాల్సింది అదే. టైమర్‌ను మాత్రమే నమ్ముకుంటే సరుకు తక్కువ ఉన్న రోజున బాస్కెట్ ముందే ఆగి వెనక్కి మళ్లుతుంది.

వేడి విషయం ఇంకా గంభీరమైనది. క్షేత్రం ఎదురు దిశలో తిరుగుతున్నప్పుడు స్లిప్ 2 దగ్గర మొదలై 1 దగ్గర ముగుస్తుంది. ఆ మధ్యలో రోటర్‌లో పుట్టే వేడి గతిశక్తికి మూడింతలు, ఇక్కడ 855 కిలోజౌళ్లు. అందులో ఒక వంతే బాస్కెట్‌ది, మిగతా రెండు వంతులూ సరఫరా నుంచి కరెంటు బిల్లు కట్టి మరీ తెచ్చుకున్నవి. రోటర్ అల్యూమినియం కడ్డీలు, రింగులు కలిపి 5 కిలోలనుకుని, వేడి ఇనుములోకి పాకక ముందే వాటిలోనే నిలిచిందనుకుంటే ఒక్క స్టాప్‌కు ఉష్ణోగ్రత సుమారు 190 డిగ్రీలు పెరుగుతుంది. నిజంలో కొంత వేడి పాకిపోతుంది. కానీ ఓవర్‌లోడ్ రిలే చూసేది స్టేటర్ కరెంటును, థర్మిస్టర్ చూసేది వైండింగ్‌ను. రోటర్ పగిలేదాకా దాని గోడు ఎవరికీ వినిపించదు.

డ్రైవ్ పెట్టే స్తోమత లేకపోతే ప్లగ్గింగ్ తీసేసి డీసీ ఇంజెక్షన్ పెట్టడం మంచిది. ఏసీ సరఫరా తీసి స్టేటర్‌కు డీసీ ఇస్తే రోటర్ వేడి గతిశక్తికి సమానమే, అంటే 285 కిలోజౌళ్లే. వెనక్కి తిరిగే ప్రమాదమూ ఉండదు. దీన్నీ కొందరు డైనమిక్ బ్రేకింగ్ అనే పిలుస్తారు, కానీ ఇందులో వేడి బయటి రెసిస్టర్‌లోకి కాక రోటర్‌లోకే పోతుంది. ప్లగ్గింగ్‌ను జడత్వం తక్కువగా ఉండి, అరుదుగా ఆపే లోడ్‌లకే పరిమితం చేయాలని నా అభిప్రాయం.

లక్షణం 4: రీజెనరేటివ్ యూనిట్ పెట్టినా బిల్లు తగ్గలేదు, పైగా జనరేటర్ మీద ఉన్నప్పుడు ట్రిప్ అవుతోంది

రీజెనరేటివ్ యూనిట్ బ్రేకింగ్ శక్తిని రెసిస్టర్‌లో వేడిగా మార్చకుండా సరఫరాలోకే తిరిగి పంపుతుంది. కానీ 285 కిలోజౌళ్లంటే 0.08 యూనిట్. రోజుకు 48 సార్లు ఆపి, నష్టమే లేకుండా మొత్తం వెనక్కి ఇచ్చినా 4 యూనిట్లు దాటదు. ఒక్క సెంట్రిఫ్యూజ్ కోసం ఆ ఖర్చు తిరిగి రావడం కష్టం. రైల్వేలో WAP-7 ఇంజన్ తన బ్రేకింగ్ శక్తిని పైతీగలోకి ఇవ్వడం లాభమంటే, అక్కడ ఆపేది వందల టన్నుల రైలును. ఒకే హాలులో పది సెంట్రిఫ్యూజ్‌లుంటే సంగతి వేరు: డ్రైవ్‌లను ఉమ్మడి డీసీ బస్ మీద పెడితే, ఒకటి ఆగుతూ ఇచ్చిన శక్తిని వేగం అందుకుంటున్న మరొకటి వాడుకుంటుంది.

డీజిల్ జనరేటర్ మీద ట్రిప్ కావడానికి కారణం, తిరిగి వచ్చే 9.5 కిలోవాట్లను వాడుకునే ఇతర లోడ్ ఆ సమయంలో లేకపోవడం. అప్పుడు రివర్స్ పవర్ రిలే పనిచేస్తుంది. అసలు సరఫరాయే పోతే తిరిగి ఇచ్చే దారి కూడా పోతుంది, ప్లగ్గింగ్‌కూ అదే గతి. రెసిస్టర్, చాపర్ ఉన్న డ్రైవ్ మాత్రం తిరుగుతున్న బాస్కెట్ శక్తితోనే తన బస్‌ను నిలుపుకుని ఆపడం పూర్తిచేయగలదు, పారామీటర్లలో అందుకు అనుమతి ఇచ్చి ఉంటే. అందువల్ల కరెంటు తరచూ పోయే చోట రీజెనరేటివ్ యూనిట్ ఉన్నా రెసిస్టర్‌ను తీసేయకుండా ఉంచుతాను. ఆగిన తర్వాత బాస్కెట్ కదలకుండా పట్టి ఉంచడం ఈ మూడింటిలో దేనివల్లా కాదు, దానికి మెకానికల్ బ్రేక్ వేరుగా ఉండాల్సిందే.