జర్మనీ ఏటీఎంలో పైసలు తీయడం ఎలా? భాష రాకున్నా ఒక్కో స్క్రీన్ దాటే పద్ధతి

ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మ్యూనిక్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వరంగల్, కరీంనగర్, జగిత్యాల నుంచి అమ్మానాన్నలు ఏటా పోతూనే ఉన్నారు. పిల్లలు పనికి పోయిన పూట ఏటీఎం ముందు ఒంటరిగా నిలబడాల్సి వస్తే చిక్కు. తెర మీద అంతా జర్మన్, ఎక్కడో మూలన ఇంగ్లీషు ఉన్నా అదీ చదవలేకపోవచ్చు. అయినా పని ఆగదు. స్క్రీన్లు వచ్చే వరుస అన్ని మిషన్లలోనూ దాదాపు ఒకటే. తెర మీద అంకెలు ఎన్ని ఉన్నాయి, ఏ కరెన్సీ పేరు ఉంది అన్నది చూస్తే, అడిగేది పిన్నా, మొత్తమా, ఇంకేమన్నానా అన్నది తెలిసిపోతుంది.

ముందు ఇంటి దగ్గరే ఒక పని చేయాలి. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు విదేశాల్లో పనిచేయకుండా ఆపి ఉంటుంది. మనమే తెరిపించుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకు పోయి విదేశీ వాడకంలో ఏటీఎంను ఆన్ చేసి, రోజుకు ఎంత తీయొచ్చో ఆ పరిమితి కూడా చూసుకోండి. యాప్ వాడనివాళ్లు హన్మకొండలోనో మీ ఊళ్లోనో బ్రాంచికి పోయి అడిగితే చేసిస్తారు. కార్డు మీద వీసా లేదా మాస్టర్‌కార్డ్ గుర్తు ఉందో లేదో అప్పుడే చూడండి. మన దేశంలో వాడేందుకే ఇచ్చిన మామూలు రూపే కార్డు అక్కడ పనిచేయదు.

ఇక మిషన్ ఎంచుకోవడం. బ్యాంకు భవనంలో, ఆ బ్యాంకు పేరుతోనే ఉన్న మిషన్ దగ్గరికి పోండి. పర్యాటకులు తిరిగే వీధుల్లో, దుకాణాల ముందు ఏ బ్యాంకు పేరూ లేకుండా విడిగా నిలబెట్టిన మిషన్లలో రుసుము, మారకపు రేటు రెండూ భారంగా ఉంటాయి. కార్డు ఇరుక్కుపోతే చెప్పుకోవడానికి లోపల మనిషీ ఉండడు.

మొదటి స్క్రీన్ `Bitte Karte einführen` అంటుంది, కార్డు పెట్టమని. చిప్ ముందుకు, పైకి ఉండేలా పెట్టండి. మన దగ్గర చాలా మిషన్లలో కార్డు పెట్టి తీసేయమంటారు. అక్కడ మిషన్ కార్డును లోపలికి లాక్కుని పని అయ్యేదాకా ఉంచుకుంటుంది. భయపడి లాగొద్దు.

రెండో స్క్రీన్‌లో భాషల పేర్లో జెండాలో వస్తే, తెలిసినది ఒకటి ఉంటే నొక్కండి, లేకపోతే `Deutsch` నొక్కి ముందుకు పోండి. కొన్ని మిషన్లలో ఈ స్క్రీన్ అసలు రాదు.

తర్వాత `Geheimzahl` లేదా `PIN` అని కనిపించి, కింద ఖాళీ గడులో చుక్కలో ఉంటాయి. పిన్ కొట్టి పచ్చ మీట నొక్కండి. అంకెల పలక మీద పచ్చ మీట సరే అనడానికి, పసుపుపచ్చది తప్పు దిద్దుకోవడానికి, ఎర్రది మొత్తం ఆపేయడానికి. పచ్చ మీద గుండ్రటి గుర్తు, ఎర్ర మీద ఇంటూ గుర్తు ఉంటాయి. `falsch` అని వస్తే పిన్ తప్పు పడిందని అర్థం. రెండోసారీ అదే వస్తే అక్కడితో ఆపండి, మూడోసారి తప్పితే కార్డు బ్లాక్ అవుతుంది.

పిన్ అయ్యాక వచ్చే జాబితాలో `Auszahlung` అంటే డబ్బు తీయడం, `Kontostand` అంటే నిల్వ చూడడం. మొదటిదాన్ని నొక్కండి. 50, 100, 200 అంటూ మొత్తాల స్క్రీన్ వస్తుంది. కావలసింది లేకుంటే `Anderer Betrag` నొక్కి మీరే కొట్టి పచ్చ మీట నొక్కాలి. ఇక్కడొకటి గుర్తుంచుకోండి: జర్మన్లు పైసల ముందు కామా, వేల దగ్గర చుక్క పెడతారు. `200,00` అంటే రెండు వందల యూరోలు. `21.800,00` అంటే ఇరవై ఒక్క వేల ఎనిమిది వందలు. మన లెక్కన చదివితే ఇరవై రెండు కూడా లేదనిపిస్తుంది.

ఆ తర్వాత `Entgelt` లేదా `Gebühr` అన్న మాట పక్కన 4, 5 యూరోల వంటి మొత్తం కనిపిస్తే అది మిషన్ రుసుము. ఒప్పుకుంటేనే ముందుకు పోతుంది. ఎక్కువనిపిస్తే ఎర్ర మీట నొక్కితే కార్డు వెనక్కి వస్తుంది, ఏమీ పోదు. రుసుము ఎంత తీసినా ఒకటేలా ఉంటుంది కాబట్టి చిన్న మొత్తాలు పదిసార్లు తీయడం కన్నా అవసరమైనంత ఒకేసారి తీయడం మేలు.

ఇప్పుడు అసలు ఆగి చూడాల్సిన స్క్రీన్. ఒకే తెర మీద `EUR`, `INR` రెండూ కనబడతాయి. మీ ఖాతాలోంచి మిషన్ చెప్పిన రేటుతో రూపాయల్లోనే తీసుకోమంటారా అని అడుగుతోందన్నమాట. `Mit Umrechnung` అంటే మార్చి తీసుకో, `Ohne Umrechnung` అంటే మార్చొద్దు. కొన్నింట్లో `annehmen`, `ablehnen` అని ఉంటాయి, ఒప్పుకుంటాను, వద్దు అని. మీరు నొక్కాల్సింది `Ohne` లేదా `ablehnen`. వద్దంటే లావాదేవీ రద్దవుతుందేమోనని చాలామంది భయపడి ఒప్పేసుకుంటారు. రద్దు కాదు. మిషన్ రేటు వద్దన్నారంతే, డబ్బు వస్తుంది, రూపాయల లెక్క మీ బ్యాంకు చూసుకుంటుంది. పిన్ దగ్గర అలవాటైంది కదా అని ఇక్కడ చేతికందిన పచ్చ మీట నొక్కొద్దు. మిషన్ రేటుకు ఒప్పుకున్నట్టు కావొచ్చు. రెండు బొత్తాల్లో ఏది ఎడమకు ఉంటుందన్నదీ మారుతుంటుంది, చోటును కాదు, మాటను చూడండి.

ఎంత తేడా పడుతుందో లెక్క చూద్దాం. సులువు కోసం యూరో వంద రూపాయలనుకోండి. 200 యూరోలకు 20,000. మార్చొద్దంటే, మీ బ్యాంకు విదేశీ మారకం రుసుము 3.5 శాతం అయితే 700, దాని మీద 18 శాతం జీఎస్టీ 126, మొత్తం 20,826. మార్చమన్నారు, మిషన్ 9 శాతం కలుపుకుంది అనుకుంటే 21,800. ఒక్క బొత్తానికి 974 రూపాయలు. డబ్బు తీసినందుకు మీ బ్యాంకు వేసే విడి చార్జీ ఎటు తిరిగీ ఉంటుంది.

తర్వాత `Quittung` అని అడుగుతుంది, రసీదు కావాలా అని. `Ja` నొక్కండి. చివరికి `Bitte Karte entnehmen`, కార్డు తీసుకోండి అని. ముందు కార్డే వస్తుంది, అది తీస్తేనే నోట్లు వస్తాయి. నోట్ల కోసం చూస్తూ కార్డు వదిలేస్తే కాసేపటికి మిషన్ దాన్ని మింగేస్తుంది. నోట్లనూ వెంటనే తీసుకోండి, అవీ వెనక్కి పోతాయి.

పిన్ సరిపోయినా డబ్బు రాకుండా `nicht möglich` అని వస్తే, ఇప్పుడు కుదరదని. దీనికి తరచు కారణం మీరు పెట్టుకున్న రోజువారీ పరిమితి. అది 15,000 రూపాయలైతే 200 యూరోలు రావు, 100 కొట్టి చూడండి. అదీ రాకపోతే విదేశీ వాడకం ఆన్‌లో ఉందో లేదో యాప్‌లో చూడండి. `Karte einbehalten` అంటే కార్డు లోపలే ఉండిపోయిందని. వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించండి. డబ్బు రాకుండానే ఖాతాలో తగ్గితే రసీదు, మిషన్ ఫొటో, సమయం దగ్గర పెట్టుకుని ఫిర్యాదు మీ బ్యాంకుకే ఇవ్వాలి, అక్కడి బ్యాంకుకు కాదు.