పాఠం 7: టీఎల్‌బీ హిట్ అయినా మెమరీ దగ్గరికి వెళ్లక తప్పదు

పోయిన పాఠంలో క్యాష్ సగటు సమయం లెక్క పూర్తి చేసి, చివర్లో టీఎల్‌బీ మీద ఒక లెక్క ఇచ్చాను. ఏ పేజీ మెమరీలో ఏ ఫ్రేమ్‌లో ఉందో గుర్తుంచుకునే చిన్న, వేగమైన పట్టికే టీఎల్‌బీ. "ఇదీ అలాంటిదే, చేసి పంపండి" అన్నాను. ఆ "అలాంటిదే" అన్న మాటే కొంప ముంచింది. వచ్చిన జవాబుల్లో చాలావాటిలో 38 ఉంది. కొందరు 118 అన్నారు. 122 రాసినవాళ్లు కొద్దిమందే. తప్పు సగం నాదే కాబట్టి ఈరోజు కొత్త పాఠం పక్కన పెట్టి ఆ లెక్కనే విప్పి చూద్దాం.

లెక్క 2014 గేట్ పరీక్షలో వచ్చింది. టీఎల్‌బీలో వెతకడానికి 10, ఫిజికల్ మెమరీని ఒకసారి చదవడానికి 80, హిట్ రేషియో 0.6. పేజీ టేబుల్, పేజీలు అన్నీ మెమరీలోనే ఉన్నాయి. సగటున ఒక యాక్సెస్‌కు ఎంత సమయం? (ప్రశ్నలో మిల్లీసెకన్లని ఇచ్చారు. మెమరీకి మిల్లీసెకన్లేమిటని నవ్వుకోండి, కానీ యూనిట్ మార్చకండి.)

38 ఎలా వచ్చిందో చూడండి:

```
0.6 × 10 + 0.4 × 80 = 38
```

అంటే హిట్ అయితే 10తో పని అయిపోయిందని అనుకున్నారు. క్యాష్‌లో అయితే నిజమే, ఎందుకంటే క్యాష్‌లో దొరికేది డేటానే. టీఎల్‌బీలో దొరికేది డేటా కాదు, ఆ డేటా ఏ ఫ్రేమ్‌లో ఉందో చెప్పే నంబరు మాత్రమే.

బెంగళూరులో నేనుండే మడివాళ పీజీలో ఇది రోజూ జరుగుతుంది. ఊరి నుంచి ఎవరో వచ్చి గేటు దగ్గర "నెల్లూరు నుంచి వచ్చిన రమణ ఏ రూములో ఉంటాడు?" అని అడుగుతారు. వాచ్‌మన్‌కు గుర్తుంటే వెంటనే "304" అంటాడు. అది హిట్. గుర్తులేకపోతే పైకెళ్లి ఆఫీసులో రిజిస్టర్ చూసుకోమంటాడు. అది మిస్. ఆ రిజిస్టరే పేజీ టేబుల్. నంబరు ఎలా తెలిసినా మూడో అంతస్తు మెట్లు మాత్రం ఎక్కాల్సిందే. వాచ్‌మన్ నంబరు చెప్పగానే రమణ గేటు దగ్గర ప్రత్యక్షం కాడు కదా! 38 రాసినవాళ్లు రమణను గేటు దగ్గరే కలిసేశారు.

ఈ తప్పు పట్టుకోవడానికి లెక్క మళ్లీ చేయక్కర్లేదు. ప్రతి యాక్సెస్‌కూ టీఎల్‌బీ ఒకసారి, మెమరీ ఒకసారి ఖాయం. అంటే జవాబు 10 + 80 = 90కి తగ్గనే తగ్గదు. 38 అయితే ఒక్క మెమరీ యాక్సెస్‌కు పట్టే 80 కన్నా తక్కువ. హిట్ రేషియో నూటికి నూరు ఉన్నా అది సాధ్యం కాదు.

ఇక 118. నాకు అసలు చిరాకు తెప్పించేది ఇదే. 38 చూడగానే తప్పని తెలిసిపోతుంది. 118 అలా కాదు, 90 కన్నా ఎక్కువే కాబట్టి పరీక్ష హాల్లో ఎవరికీ అనుమానం రాదు.

```
0.6 × (10 + 80) + 0.4 × (80 + 80) = 118
```

హిట్ భాగం సరిగ్గానే ఉంది. మిస్ భాగంలో పేజీ టేబుల్‌కు 80, డేటాకు 80 వేశారు. మరి టీఎల్‌బీలో వెతికిన 10 ఏమైంది? "దొరకలేదు కదా సార్, ఎందుకు కలపాలి?" అని ఒక తమ్ముడు అడిగాడు. దొరకలేదని తెలియాలంటే ముందు వెతకాలి కదా నాయనా. వాచ్‌మన్ "రమణా... ఏ రమణ..." అని ఆలోచించి, తల గోక్కుని, "తెలీదు సార్, పైన అడగండి" అనడానికీ సమయం పడుతుంది. ఆ తర్వాతే మీరు మెట్లెక్కుతారు. 122కీ 118కీ తేడా సరిగ్గా 4. అది మిస్ అయిన 0.4 వంతు యాక్సెస్‌లలో మీరు మింగేసిన 10. హిట్ రేషియో h, టీఎల్‌బీలో వెతికే సమయం t అనుకోండి. ఎప్పుడైనా మీ జవాబు సరైనదాని కన్నా (1 − h) × t అంత తక్కువ వస్తే, తప్పు ఇదేనని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఒక్క మినహాయింపు ఉంది. టీఎల్‌బీనీ పేజీ టేబుల్‌నూ ఒకేసారి వెతకడం మొదలుపెడతారని ప్రశ్నలో స్పష్టంగా రాస్తే, అప్పుడు మిస్‌లో t కలపక్కర్లేదు. రాయకపోతే ఒకదాని తర్వాత ఒకటనే లెక్క.

సరైన జవాబు:

```
0.6 × (10 + 80) + 0.4 × (10 + 80 + 80) = 54 + 68 = 122
```

నిజం చెప్పాలంటే ఈ రెండు ముక్కల ఫార్ములా నేను వాడను. ఖాయంగా పడే ఖర్చు ముందు రాసేసి, మిస్ అయితే అదనంగా పడేది తర్వాత కలుపుతాను:

```
EAT = t + m + (1 − h) × k × m
```

ఇక్కడ EAT అంటే సగటు యాక్సెస్ సమయం, m అంటే మెమరీని ఒకసారి చదివే సమయం, k అంటే పేజీ టేబుల్‌లో ఎన్ని లెవెల్స్ ఉన్నాయో ఆ సంఖ్య. 10 + 80 + 0.4 × 80 = 122. t ఒక్కసారే రాస్తాం కాబట్టి మర్చిపోయే ప్రసక్తే లేదు. రెండు లెవెల్స్ అయితే మిస్ అయినప్పుడు అదనంగా 2m, మూడైతే 3m. వర్చువల్ అడ్రస్‌ను లెవెల్స్‌గా ఎలా కోస్తారో నాలుగో పాఠంలో అయిపోయింది, మళ్లీ చెప్పను.

ఈ పద్ధతి అసలు ఉపయోగం క్యాష్ కూడా కలిసినప్పుడు తెలుస్తుంది. 2003 గేట్ లెక్క చూడండి. రెండు లెవెల్స్ పేజీ టేబుల్స్, రెండూ మెయిన్ మెమరీలో ఉన్నాయి. టీఎల్‌బీ హిట్ 96 శాతం, ఫిజికల్ అడ్రస్‌తో నడిచే క్యాష్ హిట్ 90 శాతం. మెమరీ 10 నానోసెకన్లు, క్యాష్ 1, టీఎల్‌బీ 1. పేజీ ఫాల్ట్‌లు లేవు.

అడ్రస్ తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు ఒకటి, డేటా తెచ్చుకోవడానికి అయ్యేది ఇంకొకటి. విడివిడిగా వేయండి. అడ్రస్‌కు 1 + 0.04 × 2 × 10 = 1.8. క్యాష్‌కు ఫిజికల్ అడ్రస్ కావాలి కాబట్టి ఇది తేలాకే డేటా వంతు. దానికి 1 + 0.1 × 10 = 2. మొత్తం 3.8. దగ్గరి 0.5కి సవరించమన్నారు కాబట్టి 4. మామూలు m ఉండే చోట క్యాష్ సగటు 2 వచ్చి కూర్చుంది, అంతే. పేజీ టేబుల్ చదివేటప్పుడు మాత్రం 2 కాదు, నేరుగా మెమరీ 10 వేశాం. అవి మెయిన్ మెమరీలో ఉన్నాయని ప్రశ్నలోనే ఉంది.

సాధనకు రెండు. మొదటిది ఐదు నిమిషాల పని: t = 10, m = 100, నాలుగు లెవెల్స్. సగటు 130 దాటకూడదంటే హిట్ రేషియో కనీసం ఎంత ఉండాలి? 95 శాతం రాకపోతే k దగ్గర మళ్లీ చూసుకోండి.

రెండోదానికి ఆదివారం మధ్యాహ్నం ఖాళీ చేసుకోండి. 2020 గేట్‌లోది. పేజీ టేబుల్ ఒక లెవెల్, మెమరీ 100, టీఎల్‌బీ 20, డిస్క్‌తో ఒక పేజీ బదిలీకి 5000, అన్నీ నానోసెకన్లు. టీఎల్‌బీ హిట్ 95 శాతం, పేజీ ఫాల్ట్ రేటు 10 శాతం. ఫాల్ట్‌లలో 20 శాతం సార్లు పాత పేజీని ముందు డిస్క్‌లోకి తిరిగి రాయాలి. టీఎల్‌బీని అప్‌డేట్ చేసే సమయం లెక్కలోకి రాదు. ఒక్క హింట్: టీఎల్‌బీలో హిట్ అయిన పేజీ మెమరీలో ఉన్నట్టే, కాబట్టి ఆ 10 శాతాన్ని మిస్‌ల మీదే వేయండి. మీలో కొందరికి 155 వస్తుంది, కొందరికి 154.5. ఆ అర నానోసెకన్ తేడా ఏ అడుగులో పుట్టిందో ఒక్క వాక్యంలో రాసి, జవాబుతో పాటు పంపండి.