లండన్ సంబంధం, ఢిల్లీ కస్టమ్స్ ఫోను: డబ్బు వేసే ముందు

మ్యాట్రిమోనీలో పరిచయమైన “లండన్ డాక్టరు” పండక్కి వస్తున్నానన్నాడా? ఆపై ఢిల్లీ కస్టమ్స్ నుంచంటూ ఫోనొచ్చి, అతని పార్సిల్ ఆగింది, డబ్బు కట్టమన్నారా? ఇది మోసం, ఇవి చూసుకోండి.

• రెండోసారి డబ్బు వేయకండి. కొంప ముంచేది ఇదే. మొదట 35 వేలు కస్టమ్స్ సుంకం అంటారు. అది కట్టగానే పార్సిల్‌లో పౌండ్లు దొరికాయి, కేసవుతుంది, లక్షన్నర కట్టమంటారు. పోయిన 35 వేల కోసమే మనం లక్షన్నర కడతాం.

• ఖాతా ఎవరి పేరున ఉందో చూడండి. కస్టమ్స్ సుంకం వ్యక్తుల సేవింగ్స్ ఖాతాకో, వాళ్ల యూపీఐకో వెళ్లదు.

• నోటీసు పంపితే దానిపై డిన్ అనే గుర్తింపు నంబరు వెతకండి. కస్టమ్స్‌ను చూసే కేంద్ర బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్‌లో సరిచూడొచ్చు. రాజముద్ర ఎవరైనా అతికించగలరు.

• “యాక్సిడెంటైంది, ఐసీయూలో ఉన్నా” అంటే ఆస్పత్రి నంబరు మీరే వెతికి ఫోన్ చేయండి. అతనిచ్చిన నంబరులో మాట్లాడే “నర్సు” కూడా వాళ్ల మనిషే.

• “మీ ఇంట్లో చెప్పకు” అన్నాడంటే ఆ రోజే అక్కకో అన్నకో చెప్పేయండి.

• ఇప్పటికే వేసేశారా? వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు పెట్టండి. డబ్బు ఇంకా ఖాతాలోనే ఉంటే ఆపగలరు. విత్‌డ్రా అయ్యాక కష్టం. సిగ్గుపడి చాట్ చెరిపేయకండి, సాక్ష్యం అదే.