జపాన్ కొనుగోలుదారు తొలిసారి పలాస వస్తుంటే: విజిటింగ్ కార్డు దగ్గర జాగ్రత్తలు

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్లకి ట్రేలో గుండు ఎంతుందో, బద్ద ఎంతుందో కంటిచూపుకే తెలిసిపోతుంది. కానీ జపాన్ నుంచి కొనుగోలుదారు తొలిసారి వచ్చిన రోజు, ట్రే బల్ల మీదికి రాకముందే ఇంకో పని ఉంటుంది. నిలబడి, పేర్లు చెప్పుకుని, కార్డులు మార్చుకోవాలి. మనం చొక్కా జేబులోంచి తీసి ఇచ్చేసి అదే చేత్తో ఫోన్ అందుకుంటాం. వాళ్లకి మాత్రం దీనికో పేరే ఉంది, మేషి కోకన్ అని. ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకి అక్కడి కంపెనీలు దీన్ని కూర్చోబెట్టి మరీ నేర్పిస్తాయి. కార్డు చింతకాయలా జేబులో కుక్కేస్తే వాళ్లు పైకి ఏమీ అనరు. తప్పు జరిగిందని మనకి తెలియదు, అసలు ఇబ్బంది అదే.

ముందు కార్డు సంగతి చూద్దాం. మన వైపు చాలా కార్డుల్లో పైన దేవుడి బొమ్మ, కింద జీడిపప్పు, ఆ కింద రైస్ మిల్లు, స్థలాల క్రయవిక్రయాలు, చివర్లో ఏదో సంఘానికి అధ్యక్షులు అని ఉంటుంది. దేవుడి బొమ్మతో వాళ్లకి పేచీ లేదు. మీరు నిజంగా ఏం అమ్ముతారో ఆ కార్డు చెప్పకపోవడమే చిక్కు. వాళ్ల కోసం విడిగా అచ్చు వేయించండి. ఒక వైపు ఇంగ్లిష్, రెండో వైపు జపనీస్, ఒకే వ్యాపారం. జపాన్‌లో మామూలు కొలత 91 × 55 మిల్లీమీటర్లు. మన ప్రెస్సుల్లో వేసే మూడున్నర అంగుళాలు × రెండు అంగుళాల కార్డు అంతకన్నా కాస్త చిన్నదే కాబట్టి వాళ్ల హోల్డర్లలో పడుతుంది. ప్రత్యేకంగా కనబడాలని పెద్ద సైజు వేయిస్తేనే పట్టదు. మెరిసే లామినేషన్ వద్దు, చెమట చేతికి అంటుకుంటుంది.

పేరు దగ్గర ఇంకో మెలిక ఉంది. మనలాగే వాళ్లూ ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాస్తారు. కాకపోతే వాళ్లు పిలిచేది ఇంటిపేరుతో, మనం పిలిచేది సొంత పేరుతో. ‘కె. అప్పలనాయుడు’ అని అచ్చు వేస్తే ‘కె’ అంటే ఏమిటో, దేనితో పిలవాలో అతిథికి అర్థం కాదు. ఇంగ్లిష్ వైపు పిలిచే పేరును పెద్ద అక్షరాల్లో వేయండి. జపనీస్ వైపు కతకన లిపిలో, పలికే తీరుగా రాయించండి. వాళ్ల భాషలో ల, ర తేడా లేదు, అప్పలనాయుడు కాస్తా అప్పరనాయుడు అవుతాడు. అది తప్పు కాదు, సరిదిద్దకండి. జపనీస్ వైపు అచ్చుకు వెళ్లే ముందు ఆ భాష చదవగలిగినవాళ్లు ఒకసారి చూడాలి. ప్రెస్సులో ఫాంట్ లేక ఒక్క అక్షరం డబ్బాగా మారినా మన కళ్లకి కనబడదు.

హోదా కూడా సరిగ్గా ఉండాలి. తండ్రి కార్డు మీద ప్రొప్రైటర్ అని, కొడుకు కార్డు మీద డైరెక్టర్ అని వేయించుకోవడం ఇక్కడ మామూలే. ప్రొప్రైటర్ సంస్థలో డైరెక్టర్ అనే పదవే ఉండదు. పైగా వచ్చినవాళ్లు కార్డు చూసే ఎవరు పెద్దో తేల్చుకుంటారు. కొడుక్కి ‘ఎగుమతుల మేనేజర్’ అన్నది చాలు.

ఇక రోజు దగ్గరపడ్డాక ఎవరెవరు వస్తున్నారో, ఎవరి హోదా ఏమిటో ముందే మెయిల్‌లో అడిగి తెలుసుకోండి. అడగడం తప్పు కాదు. బుచో అంటే విభాగాధిపతి, కచో అంటే ఆయన కింది సెక్షన్ అధికారి. వయసు చూసి, జుట్టు చూసి పెద్దవాళ్లెవరో ఊహించకండి. పక్కన నిలబడ్డ ఆడమనిషి దుబాసీ అనుకుని, ఆవిడే బుచో అని కూర్చున్నాక తెలిస్తే ఆ తప్పును దిద్దుకోవడం చాలా కష్టం.

మన వైపు మనిషికి ఇరవై కార్డులైనా ఉండాలి. దుబాసీకీ ఇవ్వాలి, చెప్పకుండా వచ్చిన నాలుగో మనిషికీ ఇవ్వాలి. అవి పర్సులో కాకుండా తోలు కార్డు కేసులో ఉండాలి, ఎందుకో కిందే చెబుతాం. ఉద్దానం గాలికి చొక్కా జేబులో పెట్టిన కార్డు గంటలో వంకర తిరుగుతుంది, పెన్ను కారితే ఇంకా అంతే.

ఒక సందర్భం తీసుకుందాం. అటు నుంచి ముగ్గురు: బుచో సతో, కచో తనాకా, వాళ్ల కింద పనిచేసే మోరి. ఇటు నుంచి ముగ్గురు: తండ్రి, కొడుకు, గ్రేడింగ్ చూసే సూపర్‌వైజర్. విశాఖ నుంచి కారులో గంటల ప్రయాణం చేసి దిగుతారు. వాకిట్లోనే శాలువాలు, పూలగుత్తులు అందించాలన్న ఉబలాటం మనకి ఉంటుంది. చేతుల్లో పూలగుత్తి ఉన్న మనిషి కార్డు ఎలా ఇస్తాడు? శాలువా చివర్లో, సాగనంపేటప్పుడు కప్పండి. వాకిట్లో నమస్కారం చేసి లోపలికి తీసుకురండి. ఫ్యాక్టరీ కూడా తర్వాతే చూపించాలి. పిక్కలు కొట్టే చోట ఏది ముట్టుకున్నా జీడి అంటుతుంది. ఆ నల్లమరక తెల్లకార్డు మీద పడిందంటే ఇక పోదు.

గదిలోకి వచ్చాక ఎవరూ కూర్చోకముందే కార్డులు మారాలి. బల్లకి అటొకరు ఇటొకరు నిలబడి బల్ల మీదుగా చేయి చాచి ఇవ్వకూడదు. మనమే బల్ల చుట్టూ వెళ్లి వాళ్ల ముందు నిలబడాలి. ఎవరు ముందు ఇవ్వాలంటే, అమ్మేవాళ్లు కొనేవాళ్లకి ముందు ఇవ్వడం అక్కడి మర్యాద. ఇంటికి వచ్చినవాళ్లు ముందు ఇవ్వాలన్న పద్ధతి కూడా ఉంది కాబట్టి సతో గారు మనకన్నా ముందే కార్డు చాపవచ్చు. కంగారు పడకుండా తీసుకుని, వెంటనే మనది ఇవ్వండి.

తండ్రి ముందుగా ఖాళీ చేతులతో సతో గారికి నమస్కారం చేస్తారు. కార్డు పట్టుకుని నమస్కారం పెట్టబోతే రెండూ చెడతాయి, అందుకే నమస్కారం ముందు, కేసు తీయడం తర్వాత. ఆయన చేయి చాస్తే చేయి కలపండి, చాపకపోతే వదిలేయండి. మనం చేయి చాచి, అదే క్షణంలో ఆయన వంగితే తలలు కొట్టుకుంటాయి.

తర్వాత కార్డు. ఇవ్వాల్సిన మూడు కార్డుల్నీ ముందే కేసు మూత కింద పెట్టుకోవాలి, అక్కడ నిలబడి వేళ్లతో వెతకకూడదు. కార్డును జపనీస్ వైపు పైకి, అక్షరాలు ఆయన చదువుకునేలా తిప్పి, రెండు చేతులతో అంచులు పట్టుకుని ఛాతీ ఎత్తున అందించాలి. బొటనవేలు పేరు మీద పడకూడదు. సంస్థ పేరు, తన పేరు చెప్పి కొద్దిగా వంగాలి. ‘హజిమేమష్తే’ అని ఒక్కమాట పలకగలిగితే బాగుంటుంది, తొలిసారి కలిసినప్పుడు అనే మాట అది. పలకలేకపోతే ఇంగ్లిష్‌లోనే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు.

చాలాసార్లు ఇద్దరూ ఒకేసారి కార్డు చాపుతారు. మనవాళ్లు తడబడేది ఇక్కడే. అప్పుడు మన కార్డు కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేతిలోని కార్డు కేసు మీద ఆయన కార్డును పళ్లెంలో అందుకున్నట్టు అందుకోవాలి. కేసు ఉండాలన్నది ఇందుకే. ఎడమచేత్తో తీసుకోవడమేమిటని మన ప్రాణం వెనక్కి లాగుతుంది. చేయి కాస్త ఆగినా ఆయన కార్డు గాల్లో ఉండిపోతుంది. కుడిచేయి ఖాళీ కాగానే దాన్నీ కలిపి పట్టుకుంటే అది రెండు చేతులతో అందుకున్నట్టే. మన కార్డు ఆయన కార్డు కన్నా వేలెడు కిందుగా ఉండాలి, అది వినయం. ఆయన కూడా తనది దించుతారు. పోటీపడి మోకాళ్ల దాకా దించకండి.

తీసుకున్న కార్డును అయిదారు సెకన్లు నిజంగా చదవాలి. రోమన్ అక్షరాల వైపు ఏది ఇంటిపేరో కొన్నిసార్లు తెలియదు. 2020 జనవరి నుంచి జపాన్ ప్రభుత్వ పత్రాల్లో ఇంటిపేరే ముందు రాస్తున్నారు, కానీ కంపెనీల కార్డుల్లో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. అన్నీ పెద్ద అక్షరాల్లో ఉన్న మాటే సాధారణంగా ఇంటిపేరు. ‘సతో సాన్?’ అని పైకి పలికి చూడండి, తప్పయితే ఆయనే సరిదిద్దుతారు. సాన్ అంటే మన ‘గారు’ లాంటిది. మన పేరుకి మనం గారు తగిలించుకోనట్టే, అదీ సొంత పేరుకి తగిలించకూడదు.

సతో గారి కార్డును తండ్రి కేసు కిందికి జరిపి, తనాకా గారి ముందుకు వెళ్లాలి. ఆయన కదిలాకే కొడుకు సతో గారి ముందుకు రావాలి, ఆ తర్వాత సూపర్‌వైజర్. ముగ్గురికి ముగ్గురు, మొత్తం తొమ్మిది సార్లు కార్డులు మారాలి. మూడు నిమిషాలు పట్టినా తొందరపెట్టకండి. సూపర్‌వైజర్‌ని గుమ్మం దగ్గర నిలబెట్టి, ‘మా మనిషే’ అని చేత్తో చూపించి వదిలేయడం మన అలవాటు. పప్పు నాణ్యత గురించి వాళ్లు అడగబోయేది ఆయన్నే. ఆయనకీ కార్డు ఉండాలి.

కూర్చోబెట్టేటప్పుడు తలుపుకి దూరంగా ఉన్న వైపు అతిథులది. వచ్చిన కార్డుల్ని జేబులో వేయకుండా, వాళ్లు కూర్చున్న వరసలోనే మన ముందు బల్ల మీద పరుచుకోవాలి. సతో గారిది కార్డు కేసు మీద, మిగతావి పక్కన. ఎవరి పేరేమిటో మర్చిపోతే కళ్లు దించి చూసుకోవచ్చు, అదీ దీని ఉపయోగం. చల్లని మజ్జిగ గ్లాసు చెమ్మ కార్డుకి తగలకూడదు. డబ్ల్యూ 180, 240, 320 సాంపిల్ ట్రేలు ఇదే బల్ల మీదికి తెస్తే పప్పుపొడి, నూనె కార్డుల మీద పడతాయి. సాంపిళ్లకి పక్కన వేరే బల్ల వేయండి. ధర లెక్క కట్టాల్సి వస్తే చేతికి దగ్గరగా ఉందని వాళ్ల కార్డు వెనక అంకెలు వేసేవాళ్లున్నారు. కాగితం దగ్గర పెట్టుకోండి. తేదీ, గుర్తులు రాసుకోవాలనుకుంటే వాళ్లు వెళ్లాక రాత్రి రాసుకోవచ్చు.

ఇదంతా జపాన్ సంగతి. దుబాయ్ కొనుగోలుదారు వస్తే కుడిచేయే ముఖ్యం, ఆడవాళ్లతో వాళ్లు చేయి చాస్తేనే కలపాలి. అమెరికా మనిషికి కార్డు ఏ చేత్తో ఇచ్చినా పట్టదు.

లేచేటప్పుడు కార్డులన్నీ ఏరి కేసులో పెట్టుకోవాలి, అదీ వాళ్లు చూస్తుండగా. ఫ్యాక్టరీ చూడ్డానికి అందరూ ఒక్కసారి బయల్దేరిన హడావుడిలో ఇదే మర్చిపోతారు. తిరిగొచ్చేసరికి బల్ల తుడిచే కుర్రాడు గ్లాసులతోపాటు సతో గారి కార్డునీ ట్రేలో వేసుకుని వెళ్తూ ఉంటాడు.