పంచాంగం చదువుకుందాం – 3వ పాఠం: మూల కార్తెతో వచ్చే ధనుర్మాసం

పోయిన పాఠంలో తిథి ఎట్లా చూడాలో నేర్చుకున్నాం. ఆ పాఠం చదివి మా పక్కింటి చెల్లె ఓ ప్రశ్న వేసింది. "అన్నా, ఇంకా మార్గశిరమే నడుస్తుంది గదా, మధ్యల ఈ ధనుర్మాసం ఎక్కడికెళ్లి వచ్చింది?" ఈ పాఠమంతా ఆ ప్రశ్నకు జవాబే. మీ పంచాంగం పక్కన పెట్టుకోండి, పెన్సిల్ కూడా.

మన మార్గశిరం, పుష్యం చంద్రుణ్ణి బట్టి లెక్కపెట్టే నెలలు. అమావాస్య దాటగానే కొత్త నెల. ధనుర్మాసం అట్లా కాదు, సూర్యుడు ధనూరాశిలో ఉన్నన్ని రోజులూ ధనుర్మాసం. దానికి అమావాస్యతో పనే లేదు. అందుకే 2025లో అది మార్గశిర బహుళ ద్వాదశి నాడు మొదలై, అమావాస్యను దాటుకొని, పుష్య బహుళ ఏకాదశి దాకా నడిచింది. వచ్చే ఏడు ఈ తిథులు మారిపోతాయి, ఇంగ్లిషు తారీఖులు మాత్రం దాదాపు అవే ఉంటాయి. సూర్యుణ్ణి పట్టుకొని నడిచే నెల అంటే అదే గుర్తు.

సూర్యుడు ధనుస్సులోకి వచ్చిండని ఎట్లా తెలుసుకోవాలి? ఈ విద్య మన నల్లగొండ, పాలమూరు రైతులకు కొత్తగా నేర్పేదేం లేదు. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని, మృగశిర కార్తె నాడు చేపలు తినాలని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం. ఆకాశం చుట్టూ నక్షత్రాలు 27, రాశులు 12. లెక్కవేస్తే ఒక్కో రాశికి రెండుంబావు నక్షత్రాలు వస్తాయి. ధనుస్సు వంతుకు మూల మొత్తం, పూర్వాషాఢ మొత్తం, ఉత్తరాషాఢలో మొదటి పాదం వచ్చాయి. కాబట్టి మూల కార్తె ప్రవేశమే ధనుస్సంక్రమణం, ధనుర్మాసం మొదలు. ఉత్తరాషాఢ కార్తెలో మొదటి పాదం దాటిన ఘడియే మకర సంక్రమణం. ఇది గుర్తుంటే పంచాంగంలో ధనుర్మాసం అని ఎక్కడ రాసి ఉందో వెతుక్కునే పని లేదు.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. ఒక డిగ్రీకి 60 కళలు. ఈ చలికాలంలో సూర్యుడు రోజుకు సుమారు 61 కళలు నడుస్తాడు. నక్షత్రం పొడవు 800 కళలు, పాదం 200. అంటే ఒక్కో కార్తెకు 13 రోజుల మీద దాదాపు మూడు గంటలు, పాదానికి మూడుంపావు రోజులు. ఆకాశంలో సూర్యుడు నిజంగా ఉన్న చోటును బట్టి వేసే దృక్ గణితం ప్రకారం మూల కార్తె 2025 డిసెంబర్ 16 తెల్లవారుజామున 4:26 ప్రాంతంలో వచ్చింది. అక్కడి నుంచి 13 రోజులు కలిపితే డిసెంబర్ 29 ఉదయం పూర్వాషాఢ, ఇంకో 13 కలిపితే జనవరి 11 పొద్దున ఉత్తరాషాఢ. దానికి మూడుంపావు రోజులు కలిపితే జనవరి 14 సాయంత్రం నాలుగున్నర ప్రాంతం వస్తుంది. పంచాంగంలో ఉన్నది మధ్యాహ్నం 3:13. మన చేతిలెక్కకు గంటన్నర తేడా వచ్చింది, ఎందుకంటే అసలు వేగం 61 కళల కంటే పిసరంత ఎక్కువ. కాగితం మీద వేసుకున్న లెక్కకు అంత తేడా నాకైతే సమ్మతమే.

ఈ లెక్కలో ఇంకో సంగతి కూడా దొరికింది. ధనుస్సులో సూర్యుడు ఉండేది 30 రోజులు కాదు, 29న్నర రోజులే. జనవరి మొదటి వారంలో భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది, అప్పుడు దాని నడక వేగం. వానాకాలం మొదట్లో, సూర్యుడు మిథునంలో ఉన్నప్పుడు రోజుకు 57 కళలే కాబట్టి ఆ నెల 31న్నర రోజులు పడుతుంది. ఈ నెలలో రోజుకొకటి చదివే తిరుప్పావై పాశురాలేమో 30. అందుకే ఒక్కో ఏడాది ఒక రోజు తగ్గుతుంది. అట్లాంటప్పుడు మా ఊరి గుడిలో ఆఖరి రోజు రెండు పాశురాలు కలిపి చదివేస్తారు.

తప్పు జరిగేది ఎక్కడో చెబుతా, ఎందుకంటే నేనే చేసిన. మొదటిసారి చూసినప్పుడు డిసెంబర్ 16 పేజీలో సంక్రమణం ఎంత వెతికినా దొరకలేదు. అది 15వ తేదీ, సోమవారం గడిలో "తె." అని ఉంది. పంచాంగంలో రోజు అర్ధరాత్రికి మారదు, సూర్యోదయానికి మారుతుంది. తెల్లవారితే మంగళవారం, కానీ నాలుగున్నరకు ఇంకా సోమవారమే. కాబట్టి "తె." కనబడితే ఇంగ్లిషు తారీఖుకు ఒకటి కలుపుకోండి.

రెండో చిక్కు పెద్దది. అన్ని పంచాంగాలూ ఒకే గణితంతో వేయరు. దృక్ గణితానికి, పాత సిద్ధాంత గణితానికి సంక్రమణంలో కొన్ని గంటల తేడా వస్తుంది. సూర్యాస్తమయం దాటాక మకర సంక్రమణం జరిగితే పుణ్యకాలం మర్నాటికి పోతుంది. అందుకే 2026లో కొందరికి పండుగ 14న, మన దగ్గర చాలామందికి 15న. ధనుర్మాసం కూడా ఒక గుడిలో 16న, ఇంకో గుడిలో 17న మొదలవడానికి కారణం అదే. రెండు పంచాంగాలు కలిపి చూసి టెన్షన్ పడొద్దు. ఏదో ఒకటి పట్టుకొని మొదలూ చివరా దాంట్లోనే చూడండి.

ఇంతకూ సంక్రాంతితోనే ఎందుకు ముగియాలి? రాశి మారింది కాబట్టి అనేది గణితం చెప్పే జవాబు. సంప్రదాయం ఇంకోటి చెబుతుంది. మనకు ఒక ఏడాది దేవతలకు ఒక రోజు. దక్షిణాయనం వాళ్ల రాత్రి, ఉత్తరాయణం పగలు. పన్నెండు నెలలను 24 గంటలుగా పంచితే నెలకు రెండు గంటలు. రాత్రిలో ఆఖరి నెల ధనుర్మాసం, అంటే తెల్లవారే ముందటి రెండు గంటలు. యాదగిరిగుట్టలో ఈ నెలంతా తెల్లవారుజామునే తిరుప్పావై వినబడేది అందుకే. మకరంలోకి వచ్చేసరికి తెల్లవారిపోయింది, మేలుకొలుపుతో ఇక పని లేదు. దానికి ముందురోజు, భోగి నాడు, గోదాదేవి కల్యాణంతో నెల ముగుస్తుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21, 22 తేదీల్లో, అంటే ధనుర్మాసం మొదలైన వారంలోపే. సుమారు 1,700 ఏండ్ల కింద ఆ మళ్లడం, మకర సంక్రమణం ఒక్కచోటే ఉండేవి. రాశులను మనం నక్షత్రాలతో కట్టి లెక్కపెడతాం కాబట్టి 72 ఏండ్లకు ఒక రోజు చొప్పున ఎడం పెరుగుతూ 24 రోజులకు వచ్చింది.

నమ్మకపోతే కొలిచి చూడండి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ పొద్దంతా కదలదు, అది మనకు పనికిరాదు. ఇంటి మీద ఎండ పడే చోట మీటరు కర్రను నిలువుగా పెట్టండి. పన్నెండుంబావు ప్రాంతంలో నీడ అన్నిటికంటే పొట్టిగా ఉన్నప్పుడు కొలవండి. నల్లగొండలో డిసెంబర్ 16న సుమారు 85 సెంటీమీటర్లు, 21న ఇంకో మూడు మిల్లీమీటర్లు ఎక్కువ, సంక్రాంతి నాటికి 79. ఐదారు రోజులు నీడ కదిలినట్టే ఉండదు, కర్ర కొంచెం వంగినా లెక్క తప్పుతుంది, కాబట్టి దారానికి రాయి కట్టి నిలువు చూసుకోండి.

ఇంటిపని: మకర సంక్రమణం ఏటా ఆరు గంటల తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. 2026లో దృక్ లెక్కకు మధ్యాహ్నం 3:13 కదా, 2027లో పండుగ ఏ తారీఖున చేయాలో వేసి పెట్టుకోండి. వచ్చే పాఠం అధికమాసం.