జీతం అడగడం ఎలా? 3వ పాఠం: మార్కెట్ రేటు, శుక్రవారం నోట్సు

కిందటి పాఠంలో ఆఫర్ లెటర్ చివరి పేజీలో ఉండే జీతం పట్టిక తీసి దగ్గర పెట్టుకోమన్నాను. ఈసారి దాన్ని మార్కెట్‌తో పోల్చి చూద్దాం. మా టీమ్‌లో ఒకప్పుడు పనిచేసిన ఒకమ్మాయి కేసు తీసుకుంటాను. హైదరాబాద్, ఆటోమేషన్ టెస్టింగ్, ఐదేళ్ల అనుభవం. సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి ఆమె మీద పెట్టే మొత్తం ఖర్చు, 8.4 లక్షలు. అంకెలు మాత్రం లెక్క తేలిగ్గా ఉండేలా కొంచెం మార్చాను.

ముందు సీటీసీని విప్పాలి. ఆమె బేసిక్ 3,36,000. అందులో 12 శాతం, అంటే 40,320, కంపెనీ కట్టే పీఎఫ్. గ్రాట్యుటీ పేరుతో బేసిక్‌లో 4.81 శాతం, సుమారు 16,000. వేరియబుల్ 84,000. ఇన్సూరెన్స్ 12,000. ఇవన్నీ తీసేస్తే ఫిక్స్‌డ్ సుమారు 6.88 లక్షలే. ఎవరైనా "మా దగ్గర 10 ఇస్తున్నారు" అంటే మొదట అడగాల్సింది ఒకటే: సీటీసీనా, ఫిక్స్‌డా? ఇది అడగకుండా పోల్చుకుని అనవసరంగా కుమిలిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

ఆమె రెండు వారాల్లో ఏడు అంకెలు పోగేసింది. కొన్ని గ్లాస్‌డోర్, అంబిషన్‌బాక్స్‌లలో చూసింది, రెండు రిక్రూటర్ల ఫోన్ల ద్వారా వచ్చాయి, మిగతావి పాత కొలీగ్స్ చెప్పారు. అన్నీ సీటీసీలోకి మార్చి వరసగా రాస్తే 8.5, 9, 9.8, 10.2, 10.5, 11, 16. సగటు తీస్తే 10.7 వస్తుంది. కానీ ఆ 16 చూడండి. అది ప్రొడక్ట్ కంపెనీ, అందులో షేర్లు, జాయినింగ్ బోనస్ కలిసి ఉన్నాయి. ఆమెది సర్వీసెస్ కంపెనీ. దాన్ని పక్కన పెట్టి, మిగిలిన ఆరింటిలో నడిమి రెండింటి మధ్య అంకె తీసుకుంటే సరిగ్గా 10 లక్షలు. ఆ 16 పట్టుకుని మేనేజర్ దగ్గరికి వెళ్లి ఉంటే, మొదటి నిమిషంలోనే ఆమె లెక్క మీద నమ్మకం పోయేది. రిక్రూటర్ చెప్పే రేటునూ కాస్త తగ్గించి చూడాలి. కంపెనీ మారేవాళ్లకిచ్చే రేటు, ఉన్నచోట ఉండేవాళ్లకిచ్చే రేటు ఒకటి కావు.

మార్కెట్ అంకె ఒక్కటే చాలదు. "మార్కెట్‌లో అంత ఉంది సరే, నీకెందుకివ్వాలి?" అని అడుగుతారు. దానికి జవాబే శుక్రవారం నోట్సు. వారానికి నాలుగు లైన్లు చాలు: ముందు ఎలా ఉండేది, నేనేం చేశాను, తర్వాత ఎలా ఉంది, ఎవరు చూశారు.

ఆమె మొదటిసారి రాసింది ఇది: "రిగ్రెషన్ ఆటోమేషన్‌లో చాలా కష్టపడ్డాను." రిగ్రెషన్ అంటే కొత్త మార్పుల వల్ల పాతవి చెడిపోలేదని మళ్లీ పరీక్షించడం. కానీ ఈ వాక్యంతో ఏ మేనేజరూ పై వాళ్లను ఒప్పించలేడు. కూర్చుని తిరగరాశాం: "ప్రతి నెలా రిలీజ్‌కి ముందు ఇద్దరం మూడేసి రోజులు రిగ్రెషన్ చేసేవాళ్లం. స్క్రిప్టులు రాశాక రాత్రిపూట అదే నడుస్తోంది. పొద్దున ఫెయిలైనవి చూడడానికి ఒకరికి అరపూట పని. క్లయింట్ లీడ్ ఫిబ్రవరి కాల్‌లో ఈ మాట అన్నారు." ఆరు పనిదినాలు సగం రోజుకి దిగాయి. ఏడాదికి 12 రిలీజులంటే 66 పనిదినాలు మిగిలినట్టు. ఈ అంకె మేనేజర్ నోట్లోంచి పైకి వెళ్తుంది, అదీ దీని విలువ. ఒక జాగ్రత్త: కంపెనీ మెయిల్సు, స్క్రీన్‌షాట్లు సొంత మెయిల్‌కి పంపుకోకండి. అది వేరే తంటా తెస్తుంది. తేదీ, అంకె, మీ మాటల్లో రాసుకోండి.

ఇక ఎప్పుడు అడగాలి? నేను ఒకసారి ఏప్రిల్‌లో ఇంక్రిమెంట్ లెటర్ చేతికొచ్చాక వెళ్లాను. ఆ పాటికి బడ్జెట్ పంపకం అయిపోయింది, మా మేనేజర్ చేతిలో పైసా లేదు. ఏప్రిల్ సైకిల్ ఉన్నచోట జనవరిలోనే మాట్లాడాలి.

ఆమె జనవరిలో ఒక పేజీ మేనేజర్ ముందు పెట్టి అంది: "నా పనికి మార్కెట్‌లో 9 నుంచి 11 దాకా ఉందండీ. నేను 10.4 అనుకుంటున్నాను. ఈ ఏడాది చేసినవి ఇందులో ఉన్నాయి." అని ఆగిపోయింది. ఆ మౌనాన్ని భరించలేక చాలామంది తామే తగ్గించేస్తారు. ఈమె తగ్గించలేదు.

"ఇంక్రిమెంట్ బడ్జెట్ అంత ఉండదమ్మా."

"మార్కెట్ కరెక్షన్ కింద వేరేగా అడగడానికి వీలవుతుందా? నా గ్రేడ్ బ్యాండ్‌లో నేనెక్కడున్నానో చెప్పగలరా?"

రెండో ప్రశ్నకు జవాబు వారం తర్వాత వచ్చింది: బ్యాండ్, అంటే ఆ గ్రేడ్‌కి కంపెనీ పెట్టుకున్న జీతాల హద్దుల్లో, మధ్య అంకె కంటే బాగా కింద. అక్కడినుంచి మాట మారింది. ఏప్రిల్‌లో 9.4 వచ్చింది, మిగతాది అక్టోబర్ ప్రమోషన్‌తో చూస్తామన్నారు. ఆ అక్టోబర్ మాటను ఆమె ఆ సాయంత్రమే మెయిల్‌లో రాసి "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" అని అడిగింది. "అవును" అని జవాబొచ్చింది.

వచ్చే పాఠానికి హోంవర్క్: మీ ఫిక్స్‌డ్ అంకె, మీ పనికి కనీసం ఐదు మార్కెట్ అంకెలు, ఒక్క శుక్రవారం నోట్సు. వచ్చేసారి బయటి ఆఫర్ చేతిలో ఉన్నప్పుడు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో చూద్దాం.