గ్రాఫిక్స్ కార్డు మార్చాలా, పీసీనే మార్చాలా: నాకు తేలిన విధం

ఐదేళ్ల పీసీలో గేమ్ 40 ఎఫ్‌పీఎస్ దాటేది కాదు. డ్రైవర్లు మార్చాను, దుమ్ము దులిపాను, విండోస్ మళ్లీ వేశాను, లాభం లేదు.

చివరికి తేల్చింది చిన్న పరీక్షే. ముందు V-Sync, ఎఫ్‌పీఎస్ పరిమితి ఆపేశాను. సేవ్ చేసుకున్న ఒకే సీన్‌ను 1080p లో చూసి, మిగతా సెట్టింగ్స్ కదపకుండా 720p కి దించాను. 40 కాస్తా 71 అయింది. అంటే రిజల్యూషన్ తగ్గి కార్డు పని తేలికవగానే వేగం పెరిగింది: ప్రాసెసర్ ఇంకా పరిగెత్తగలదు, అడ్డం పడుతున్నది కార్డే. అంకె 43 దగ్గరే ఆగి ఉంటే కొత్త కార్డు డబ్బు దండగే.

తర్వాత పవర్ సప్లై వాట్లు, కేబుళ్లు చూసుకుని, కేస్‌లో కార్డు పట్టే పొడవు కొలిచి (ఇది మర్చిపోయేవాడినే!) కార్డు మార్చాను. ఇప్పుడు 1080p లోనే 68 వస్తోంది.

నేను చూసింది ఒక్క గేమ్‌లోనే. వందల సైనికులు కదిలే స్ట్రాటజీ గేమ్‌లలో ప్రాసెసరే ముందు అలిసిపోవచ్చు, మీరు ఎక్కువగా ఆడేదాంట్లోనే చూడండి.